"మీ గురించి చెప్పండి" అన్నప్పుడు ఏం చెప్పాలి? ఇంట్లో మొదటి డిగ్రీ మీదే అయితే ఇది మీ కోసం

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో కూర్చోగానే ఎక్కువగా ముందు వచ్చే ప్రశ్న అదే. "మీ గురించి చెప్పండి."

మీ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి మీరే అయితే, ఈ ప్రశ్న దగ్గర ఒక ఇబ్బంది ఉంటుంది. ఇంటి సంగతి చెప్పకపోతే మీరు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వచ్చారో వాళ్లకు తెలియదు. చెబితే అడుక్కున్నట్టు ఉంటుందేమో అని మనసులో పీకుతూ ఉంటుంది. చాలామంది ఈ రెండిటి మధ్య ఇరుక్కుని, చివరికి ఏడుపుగొంతుతో ఏదో చెప్పేసి బయటికి వస్తారు.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. కొన్నేళ్లుగా ఇలాంటి ప్యానెల్స్‌లో కూడా కూర్చుంటున్నాను. టేబుల్‌కి అటువైపు నుంచి ఏం కనిపిస్తుందో ముందు చెప్తాను, అక్కడి నుంచి మిగతాది అర్థమవుతుంది.

మీరు లోపలికి వచ్చేసరికి మీ ఫైలు మా ముందు ఉంటుంది. అందులో తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఉంటుంది. అమ్మానాన్న ఏం పని చేస్తారో మీరే రాసిన కాలమ్ ఉంటుంది. మార్కుల మెమోలు ఉంటాయి. అంటే మీకు డబ్బు అవసరం అన్న సంగతి కాగితం మీద రుజువైపోయింది. అది రుజువైంది కాబట్టే మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలిచారు. మీ తర్వాత బయట బెంచీ మీద కూర్చున్న పదిమందికీ అవసరం ఉంది. అందుకే లోపల మేం వెతికేది వేరే. ఈ అమ్మాయికి ఈ కోర్సు ఎందుకు కావాలో తెలుసా? మధ్యలో వదిలేయకుండా పూర్తి చేస్తుందా? ఇవి ఫైల్లో దొరకవు. మీ నోటి నుంచే రావాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. నా దగ్గర చదివిన ఒక అమ్మాయిది కర్నూలు జిల్లా కోసిగి మండలం. ఎమ్మెస్సీ కోసం ఒక స్కాలర్‌షిప్‌కి అప్లై చేసింది. ప్రాక్టీసు చేద్దామని నా దగ్గరికి వచ్చి మొదట ఇలా చెప్పింది:

"నమస్కారం సార్. నేను చాలా పేద కుటుంబంలో పుట్టాను. మా అమ్మానాన్న నిరక్షరాస్యులు. కూలి చేసుకుని బతుకుతాం. ఎన్నో కష్టాలు పడి నన్ను చదివించారు. ఈ స్కాలర్‌షిప్ రాకపోతే నా చదువు ఆగిపోతుంది సార్. దయచేసి నాకు ఒక్క అవకాశం ఇవ్వండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ జాగ్రత్తగా వినండి. మొదటి మూడు మాటలు ఫైల్లో ఉన్నవే. "ఎన్నో కష్టాలు" అంటే వినేవాళ్ల కళ్ల ముందు ఏ బొమ్మా కనపడదు, ఎందుకంటే అది ఎవరైనా అనగలిగే మాట. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో ఆ అమ్మాయి ఎక్కడుంది? పుట్టింది, చదివించబడింది, ఇప్పుడు అడుగుతోంది. తను చేసిన పని ఒక్కటి కూడా లేదు.

ఇంకో చిక్కు ఉంది. మీ తర్వాతి ప్రశ్నలు మీ పరిచయంలోంచే పుడతాయి. మీరు కష్టాలు చెబితే మేం కష్టాల గురించే అడుగుతాం. "నాన్నగారికి రోజుకి ఎంత వస్తుంది? అప్పులున్నాయా?" ఇక ఆ పదిహేను నిమిషాలూ అలాగే అయిపోతాయి. మీ సబ్జెక్టు గురించి మాట్లాడే టైమ్ రాదు.

నేను ఆ అమ్మాయిని అడిగాను. "కూలి అన్నావు కదా, ఏం కూలి?" అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లో పంటలన్నీ వానమీదే. ఆ పని అయిపోయాక డిసెంబరు, జనవరి నెలల్లో ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తాయి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. ఇది చెప్తున్నప్పుడు తల దించుకోలేదు, గొంతు వణకలేదు. తనకు బాగా తెలిసిన విషయం నాకు వివరిస్తోంది అంతే. గౌరవం అక్కడుంది. "పేద" అన్నప్పుడు మనల్ని ఎవరో కొలుస్తున్నట్టు ఉంటుంది. "సుగ్గి" అన్నప్పుడు మనమే ఎదుటివాళ్లకు ఒక కొత్త సంగతి చెప్తున్నట్టు ఉంటుంది.

నాలుగు రోజులు కూర్చుని తను మళ్లీ రాసుకున్నది ఇది:

"నమస్కారం. నేను ఈ ఏడాది బీఎస్సీ జువాలజీ పూర్తి చేశాను. ఎమ్మెస్సీలో కీటక శాస్త్రం చదవాలనుకుంటున్నాను. మాది కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఒక ఊరు. మా అమ్మానాన్న 18 ఏళ్లుగా ప్రతి సీజన్‌లో మిరపకోతకి గుంటూరు వైపు వెళ్తున్నారు. మేం దాన్ని సుగ్గి అంటాం. వాళ్లు బడికి వెళ్లలేదు. వాళ్లు వెళ్లిన నెలల్లో నేను సీజనల్ హాస్టల్లో ఉండి బడికి వెళ్లాను. మా ఇంట్లో డిగ్రీ చేసింది నేనే మొదట. 2022 సంక్రాంతి సెలవుల్లో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మిరప పువ్వుల్లో నల్ల తామర పురుగు చూశాను. పూత రాలిపోయి, కోత పని లేక అమ్మానాన్న నెల ముందే ఊరికి వచ్చేశారు. అంత చిన్న పురుగు రైతునీ కూలీనీ ఒకేసారి ఎలా దెబ్బ తీసిందో తెలుసుకోవాలనిపించింది. డిగ్రీ ప్రాజెక్టులో ఒక మిరప తోటలో 12 నీలి రంగు జిగురు అట్టలు కట్టి, 8 వారాలు పురుగులు లెక్కపెట్టాను. స్కాలర్‌షిప్ వస్తే హాస్టల్ ఖర్చుకి, తోటల్లో చేసే పనికి వాడతాను."

మామూలు వేగంతో చదివితే ఇది నిమిషంన్నర లోపే. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

వరస చూడండి. ముందు ఇప్పుడు తనెవరో చెప్పింది, ఇంటి సంగతి రెండోది. ఇల్లు ముందు వస్తే అదే మీ గుర్తింపు అయిపోతుంది. చదువు ముందు చెప్పాక ఇల్లు వస్తే, ఎంత దూరం నడిచి వచ్చారో అర్థమవుతుంది. ఇంటి గురించి చెప్పినవన్నీ సమాచారమే. 18 ఏళ్లు, మిరపకోత, బడికి వెళ్లలేదు. "పాపం", "ఎంతో", "దీన" లాంటి మాటలు లేవు. సంగతి తిన్నగా చెప్పేస్తే దాని బరువు వినేవాళ్లకు తెలుస్తుంది. డబ్బు మాట దాచలేదు, కానీ ఒక్కసారే, దేనికి వాడుతుందో చెప్పింది. "ఇవ్వండి" అనలేదు.

నిజంగా ఆ ఇంటర్వ్యూలో తనను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "నీలి రంగే ఎందుకు?" తామర పురుగులు నీలానికి బాగా వస్తాయి, తెల్లదోమకైతే పసుపు అట్టలు పెడతారు అని చెప్పింది. మాట అక్కడి నుంచి పురుగుల మీదికి వెళ్లింది. పరిచయం చేయాల్సిన పని అదే.

అందరికీ ఇలాంటి పురుగు కథ ఉండకపోవచ్చు. కథ కోసం కల్పించొద్దు కూడా. మీరు బీకామ్ అయితే, నాన్న కిరాణా అప్పుల పుస్తకం మీరు రాసిపెట్టి ఉంటే, అదే చెప్పండి. ఇంటికీ సబ్జెక్టుకీ సంబంధమే లేకపోతే రెండూ విడివిడిగా చెప్పండి, ఫర్వాలేదు. అతికించిన కథ రెండో ప్రశ్నకే ఊడిపోతుంది.

తెలుగులో ఇంకో విషయం ఉంది. ప్యానెల్ తెలుగులో మాట్లాడనిస్తే, అమ్మానాన్నల గురించి ఏ క్రియ వాడుతున్నారో చూసుకోండి. ఇంట్లో "మా నాన్న కూలికి పోతాడు, అమ్మ పోతది" అంటాం, అది ప్రేమే. కానీ ఎదురుగా ఉన్న ఆఫీసర్‌ని "మీరు" అని, కన్నవాళ్లను "పోతాడు, పోతది" అంటే వినడానికి తేడాగా ఉంటుంది. "వెళ్తారు, చేస్తారు" అనండి. "కూలి చేసుకుని బతుకుతారు" బదులు "మిరపకోత పని చేస్తారు" అనండి. "నిరక్షరాస్యులు" అనేది సర్వే ఫారంలో మాట. "బడికి వెళ్లలేదు" అంటే చాలు.

ఇక లోపల ఏం తేడా కొట్టవచ్చో చూద్దాం. ఒకటి, ఫారంలో రాసింది ఒకటి, నోటితో చెప్పేది ఇంకొకటి కావడం. ఫారంలో అరెకరం పొలం ఉందని రాసి, లోపల "మాకేమీ లేదు" అంటే, మీరు మాట వరసకు అన్నా మాకు అనుమానం వస్తుంది. వెళ్లే ముందు రోజు మీ అప్లికేషన్ కాపీ ఫోన్‌లో మళ్లీ చదవండి.

రెండు, గొంతు పూడుకుపోవడం. ఇంటి మాట ఎత్తగానే కన్నీళ్లు వస్తే తప్పేం కాదు. "సారీ సార్, సారీ మేడమ్" అని పదిసార్లు అనొద్దు. ఆగండి, నీళ్లు తాగండి, ఆగిన వాక్యం తర్వాతి వాక్యం నుంచి మొదలుపెట్టండి. అందుకే ఇంటి గురించిన వాక్యాల వెంటనే చదువు గురించిన వాక్యం పెట్టుకోవాలి. పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉన్నట్టు ఉంటుంది.

మూడు, "ఇది రాకపోతే ఏం చేస్తారు?" అనే ప్రశ్న. మిమ్మల్ని ఏడిపించడానికి కాదు, ప్లాన్ ఉందా అని చూడటానికి అడుగుతారు. "చదువు మానేస్తాను" అంటే అది బెదిరింపులా వినపడుతుంది. "ఎలాగైనా చదువుతాను" అంటే నమ్మబుద్ధి కాదు. ఆ అమ్మాయి ఇలా చెప్పింది: "ఒక ఏడాది ట్యూషన్లు చెప్పి ఫీజు కూడబెట్టి వచ్చే ఏడాది చేరతాను. వస్తే ఈ ఏడాదే చేరతాను." నిజం ఏదో అదే చెప్పండి.

పరిచయం ఒక్కటే స్కాలర్‌షిప్ తెచ్చిపెట్టదు. సీట్లు తక్కువ, మార్కులు చూస్తారు, మీ తర్వాత వచ్చినవాళ్లు ఇంకా బాగా చెప్పవచ్చు. కానీ రాకపోయినా, ఇల్లు తాకట్టు పెట్టినట్టు అనిపించకుండా బయటికి రావడం మీ చేతిలో ఉంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి నిమిషంన్నర మాట్లాడండి. తర్వాత వింటూ ప్రతి వాక్యం దగ్గర ఆపి, ఇది పక్కవాడు కూడా అనగలడా అని అడగండి. అనగలడంటే అది తీసేయండి. "నేను" చేసిన పనులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. మూడు కంటే తక్కువైతే మళ్లీ రాయండి.

చివరగా ఆ రికార్డింగ్ అమ్మకు వినిపించండి. అమ్మ ముందు వినిపించలేని వాక్యం ఏదైనా ఉంటే అది ప్యానెల్ ముందు కూడా వద్దు. ఆ అమ్మాయి తన రికార్డింగ్‌ని గుంటూరులో ఉన్న వాళ్లమ్మకి వాట్సాప్‌లో పంపింది. ఆమె మొత్తం విని ఒక్కటే దిద్దిందట. "ఇరవై ఏళ్లు కాదే, పద్దెనిమిది. సరిగ్గా చెప్పు."