నలభై ఏడు రోజుల హాజరు: సర్టిఫికెట్ ఇవ్వాలా, వద్దా?

కుట్టు శిక్షణ కోర్సు 63 రోజులు. 75 శాతం హాజరున్న వాళ్లకే సర్టిఫికెట్ అన్నది నిబంధన. ఒకామె 47 రోజులు వచ్చింది. కంప్యూటర్‌లోని హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన 75% అని కనిపిస్తోంది, కానీ అర్హుల జాబితాలో పేరు లేదు. ఇలాంటి చోటే గొడవ మొదలవుతుంది.

అపోహ: తెర మీద 75 కనిపిస్తే 75 వచ్చినట్టే.

వాస్తవం: 47ను 63తో భాగిస్తే వచ్చేది 74.6. దశాంశాలు చూపించవద్దని పెట్టిన గడిలో అది 75గా కనబడుతుంది, లోపలి విలువ మాత్రం మారదు. 63లో 75 శాతమంటే 47.25 రోజులు. పావు రోజు హాజరు ఉండదు కాబట్టి కావలసింది 48. అందుకే మొదటి రోజే శాతం కాకుండా రోజుల సంఖ్య చెప్పడం మేలు.

అపోహ: ఎప్పుడైనా 63తోనే భాగించాలి.

పాపం, ఎక్కువమందికి అన్యాయం జరిగేది ఇక్కడే. టీచరు రాకో, కరెంటు లేకో మూడు రోజులు క్లాసు జరగలేదనుకుందాం. జరిగినవి 60, కావలసినవి 45. జరగని క్లాసుకు ఎవరూ రాలేరు కదా! అప్పుడు అదే 47 రోజులకు 78 శాతం దాటుతుంది, ఆమెకు సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. అయితే కోర్సు మధ్యలో చేరినవాళ్లకు ఈ తగ్గింపు వర్తించదు. వాళ్లు రాని రోజుల్లోనూ పాఠం జరిగింది.

జరగని రోజును ఖాళీగా వదలకుండా అందరికీ H వేయాలి. వచ్చిన రోజు P, రాని రోజు A. రోజులు C నుంచి BM వరకు నిలువు వరుసల్లో ఉంటే సూత్రం ఇది:

```
=COUNTIF(C2:BM2,"P")/(63-COUNTIF(C2:BM2,"H"))>=0.75
```

అర్హత ఉంటే TRUE, లేకపోతే FALSE వస్తుంది.

అపోహ: సూత్రం పెట్టాక లెక్క తప్పదు.

వాస్తవం: చిన్న p వేసినా ఎక్సెల్ లెక్కలోకి తీసుకుంటుంది. కానీ P తర్వాత పొరపాటున స్పేస్ నొక్కితే ఆ రోజు లెక్కలోకి రాదు. కంటికి అది మామూలు P లాగే ఉంటుంది! పట్టుకునే దారి ఒకటుంది. P, A, H లను విడివిడిగా లెక్కించి కూడాలి, మొత్తం 63 రావాలి. 62 వచ్చిందంటే ఆ వరుసలో ఒక గడి ఖాళీగానో తప్పుగానో ఉన్నట్టు. అప్పుడు సంతకాల రిజిస్టరు తెరిచి, ఆ తేదీ చూసి సరిచేయాలి.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ కూడికను చివరి రోజు దాకా ఆపకుండా పదిహేను రోజులకోసారి చేసి, అప్పటిదాకా గడిచిన రోజులతో సరిచూసి, ఎవరి లెక్క వాళ్లకు చూపించండి. ఇంకా ఎన్ని రోజులు రావాలో ముందే తెలిస్తే, వెనకబడ్డవాళ్లకు అందుకునే వ్యవధి ఉంటుంది.