ఆ సిస్ట్‌కి రెండు నెలలు గడువివ్వండి

కడుపునొప్పని స్కానింగ్‌కి వెళ్లిన అమ్మాయి చేతిలో రిపోర్టు పెడతారు. కుడి అండాశయంలో 4.8 సెంటీమీటర్ల సిస్ట్, లోపల రక్తం ఉన్నట్టుంది అని అందులో రాసి ఉంటుంది. ఆ మాట చదవగానే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. డాక్టరేమో మందు కూడా రాయకుండా, రెండు నెలల తర్వాత నెలసరి అయిన వెంటనే మళ్లీ స్కాన్ చేయించుకుని రమ్మంటారు. పట్టించుకోలేదేమోనన్న అనుమానం రావడం సహజం. నిజానికి ఆ రెండు నెలలు ఆగడం కూడా ఒక పరీక్షే.

ప్రతి నెలా అండాశయంలో నీటి సంచిలాంటి ఫాలికిల్ ఒకటి పెరుగుతుంది. సుమారు 2 సెంటీమీటర్లు దాటాక అది పగిలి అండం బయటికి వస్తుంది. ఒక్కో నెల అది పగలదు. నీరు చేరుతూనే ఉంటుంది, 3 సెంటీమీటర్లు దాటితే దాన్ని ఫాలిక్యులర్ సిస్ట్ అంటారు. ఇంకో రకం అండం విడుదలయ్యాక వస్తుంది. పగిలిన ఫాలికిల్ మూసుకుని, కార్పస్ లూటియం అనే పసుపు రంగు గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ తయారు చేస్తుంది. దాని గోడ నిండా కొత్త రక్తనాళాలుంటాయి. వాటిలో ఒకటి చిట్లితే లోపల రక్తం చేరి సిస్ట్ ఉబ్బుతుంది. మన అమ్మాయికి నొప్పి నెలసరి మొదలైన 20వ రోజున వచ్చింది కాబట్టి డాక్టరు మొదట అనుమానించేది దీన్నే.

ఈ రెండూ నెలసరి క్రమంలోనే పుట్టినవి కాబట్టి వీటిని ఫంక్షనల్ సిస్టులంటారు. ఇవి పోయే కారణమూ అక్కడే ఉంది. వీటి గోడలోని కణాలు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ల మీద ఆధారపడి బతుకుతాయి. గర్భం రాకపోతే కార్పస్ లూటియం దాదాపు 14 రోజులకే వాడిపోతుంది. లోపలి రక్తం గడ్డకట్టి, కుంచించుకుని, మెల్లగా ఒంట్లోనే ఇంకిపోతుంది. ఫాలిక్యులర్ సిస్టుకూ హార్మోన్ల ఆసరా తగ్గాక లోపలి నీరు రక్తంలోకి పీల్చుకుపోతుంది, లేదా సిస్టే పగిలి ఖాళీ అవుతుంది. ఇదంతా సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలసరుల్లో ముగుస్తుంది. తొందరగా కరగాలని గర్భనిరోధక మాత్రలు రాసే అలవాటొకటి ఉంది. ఉన్న సిస్ట్ వాటివల్ల త్వరగా పోదని పరీక్షించి తేల్చారు. మాత్రలు ఆపగలిగేది కొత్తవి పుట్టడాన్ని.

మిగతా రకాలకు నెలసరితో ఇలాంటి లంకె లేదు, ఒక్క చాక్లెట్ సిస్టుకు తప్ప. దానికున్న లంకె ఎదురుది. గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం అండాశయంలో చేరి, నెలనెలా అక్కడే రక్తం కారుతుంది. పాత రక్తం చిక్కబడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఒక నెలది ఇంకేలోపే మరో నెలది చేరుతుంది కాబట్టి అది కరగదు. డెర్మాయిడ్‌లో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. వెంట్రుకల్ని శరీరం ఎలా ఇంకించుకుంటుంది? సిస్టడెనోమా లోపలి పొర హార్మోన్లతో పనిలేకుండా ద్రవం ఊరిస్తూనే ఉంటుంది.

చిక్కేమిటంటే, మొదటి స్కాన్‌లో రక్తం చేరిన సిస్టూ చాక్లెట్ సిస్టూ ఒకదాన్నొకటి పోలి ఉండవచ్చు. మొదటిదాంట్లో సన్నని వలలాంటి దారాలు, రెండోదాంట్లో ఒకే తీరు మసక కనిపిస్తాయంటారు గానీ అన్నిసార్లూ అంత స్పష్టంగా ఉండదు. 6 నుంచి 12 వారాల తర్వాతి స్కాన్ ఆ చిక్కు విప్పుతుంది. దాన్ని నెలసరి మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య చేయించాలి. ఆలస్యమైతే ఆ నెల కొత్త ఫాలికిలో, కొత్త కార్పస్ లూటియమో కనిపించి పాతదే మిగిలిందనుకునే ప్రమాదముంది. మన అమ్మాయికి ఏడో రోజు స్కాన్‌లో అండాశయం మామూలుగా ఉంటే కథ అక్కడితో సరి. అదే పరిమాణంలో, అదే మసకతో మిగిలితే అప్పుడు వేరే రకాల గురించి ఆలోచించాలి.

అన్నట్టు, పీసీఓడీ రిపోర్టులో 'నీటి బుడగలు' అని చెప్పేవి ఈ సిస్టులు కావు. అవి సెంటీమీటరు కూడా లేని, ఎదగక ఆగిన ఫాలికిల్స్.

ఆగి చూడమన్నారు కదా అని నొప్పిని ఓర్చుకోకూడదు. పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, దానితో వాంతులు వస్తే అండాశయం మెలిపడిందేమో చూడాలి. రక్తప్రసరణ ఆగిపోతుంది కాబట్టి గంటల్లోనే ఆస్పత్రికి చేరాలి. 5 సెంటీమీటర్లు దాటిన సిస్టులకూ డెర్మాయిడ్‌లకూ ఈ ముప్పు ఎక్కువ. సిస్ట్ పగిలి కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా లోపల రక్తస్రావం అవుతున్నట్టే భావించాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు మరీ జాగ్రత్త పడాలి.

నెలసరి ఆగిపోయి ఏళ్లు గడిచినవారికి ఈ రెండు నెలల లెక్క వర్తించదు. అండం విడుదలే లేనప్పుడు ఫంక్షనల్ సిస్ట్ అనే మాటకు తావుండదు. వారికి చిన్న సిస్ట్ కనిపించినా స్కాన్‌తోపాటు సీఏ 125 రక్తపరీక్ష చేయిస్తారు. అదే పరీక్ష వయసులో ఉన్న అమ్మాయికి చేస్తే నెలసరికీ, చాక్లెట్ సిస్టుకీ కూడా పెరిగి అనవసరంగా కంగారు పెడుతుంది.