మితులు, సార్థక అంకెలు: వెలిగొండ సొరంగం లెక్క ఆధారంగా ఒక పరిశీలన

పరిచయం

లెక్కలో దొర్లిన దోషాన్ని సమాధానం చూసి పసిగట్టడానికి రెండు సాధనాలున్నాయి. మొదటిది మితీయ పరిశీలన, రెండవది సార్థక అంకెల నియమం. మొదటిది సూత్రంలోని దోషాన్ని పట్టిస్తుంది. రెండవది ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. ఈ రెండింటి పనితీరును, వాటి పరిమితులను వెలిగొండ ప్రాజెక్టు లెక్క ద్వారా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద సొరంగాల ద్వారా కృష్ణా వరద జలాలను మళ్ళించి, నల్లమల సాగర్‌లో నిల్వచేయడం పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యం. ఆ జలాశయం కోసం కొండల మధ్యనున్న మూడు ఖాళీలను ఆనకట్టలతో మూశారు. వాటిలో ఒకటైన కాకర్ల అర్ధవీడు మండలంలోనిది. మళ్ళించవలసిన నీరు 43.5 టీఎంసీలు. మొదటి సొరంగం వ్యాసం 7.0 మీటర్లు, దాని ప్రవాహ సామర్థ్యం సుమారు 3,000 క్యూసెక్కులు.

మితుల పరిశీలన

‘మితి’ అంటే కొలత. పరిమితి, పరిమాణం అనే మాటలకూ ఇదే ధాతువు మూలం. భౌతికశాస్త్రంలో ఒక రాశి పొడవు (L), ద్రవ్యరాశి (M), కాలం (T) అనే మూలరాశులతో ఎలా ఏర్పడిందో తెలిపేదే దాని మితి. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు. అది ఘనపరిమాణం కనుక దాని మితి L³. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. దాని మితి L³T⁻¹.

మొదటి సొరంగం ఒక్కటే 43.5 టీఎంసీలను తరలించడానికి ఎన్ని రోజులు పడుతుంది? నీటి పరిమాణాన్ని ప్రవాహ రేటుతో భాగిస్తే L³ కొట్టివేయబడి T మిగులుతుంది. మనకు కావలసింది కాలమే కనుక సూత్రం సరిపోయింది. పొరపాటున తలకిందులుగా భాగించినవారికి T⁻¹ వస్తుంది. గుణించినవారికి L⁶T⁻¹ వస్తుంది. రెండూ కాలాన్ని సూచించవు. అంకెలు ప్రతిక్షేపించక ముందే తప్పు బయటపడుతుంది.

43.5 × 10⁹ ÷ 3,000 = 1.45 × 10⁷ సెకన్లు

రోజుకు 86,400 సెకన్లు కనుక ఇది 167.8 రోజులకు సమానం. ప్రాజెక్టు ప్రణాళిక ప్రకారం ఈ నీటిని 45 వరద రోజులలో తీసుకోవాలి. 9.2 మీటర్ల వ్యాసంతో రెండవ, పెద్ద సొరంగం ఎందుకు అవసరమైందో ఈ ఒక్క భాగహారమే చెబుతుంది.

మితులు పట్టలేని తప్పులు

సొరంగం నిండుగా పారుతోందని భావించి నీటి వేగాన్ని లెక్కిద్దాం. ప్రవాహ రేటును అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి. వైశాల్యానికి బదులు చుట్టుకొలత (πd) తీసుకుంటే L²T⁻¹ వస్తుంది. వేగానికి ఉండవలసినది LT⁻¹ కనుక తప్పు దొరికిపోతుంది. కాని πd²/4కు బదులు πd² రాస్తే మితులు మారవు, సమాధానం మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. మితి లేని గుణకాలలోని దోషం ఈ పరిశీలనకు అందదు.

ప్రమాణాల కలగలుపు మరొక చిక్కు. 3,000ను 38.48 చదరపు మీటర్లతో నేరుగా భాగిస్తే 78 వస్తుంది. మితి వేగానిదే, కాని అడుగులు, మీటర్లు కలిసిపోయాయి. ప్రతి అంకె పక్కన ప్రమాణాన్ని కూడా రాసుకుంటే ఘనపుటడుగులను చదరపు మీటర్లతో భాగిస్తున్నామని కంటికి కనబడుతుంది. 3,000 క్యూసెక్కులను సెకనుకు 84.95 ఘనపు మీటర్లుగా మార్చి భాగిస్తే సెకనుకు 2.2074 మీటర్లు వస్తుంది.

సార్థక అంకెలు

గణనయంత్రం చూపిన 2.2074లో అన్ని అంకెలనూ నమ్మలేము. గుణకార భాగహారాలలో, దత్తాంశాలలో అతి తక్కువ సార్థక అంకెలు గల రాశికి ఎన్ని ఉన్నాయో ఫలితానికీ అన్నే ఉండాలి. 7.0లో రెండు సార్థక అంకెలున్నాయి. 3,000లో ఎన్ని? చివరి సున్నాలు కొలిచినవా, స్థానం నింపడానికి రాసినవా అన్నది ఆ రాతలో తెలియదు. రెండు అంకెలు నమ్మదగినవైతే 3.0 × 10³ అని, మూడైతే 3.00 × 10³ అని రాయాలి. మొదటి రాతను తీసుకుంటే వేగం సెకనుకు 2.2 మీటర్లు, పట్టే కాలం 1.7 × 10² రోజులు. ‘167.8 రోజులు’ అనడం దత్తాంశంలో లేని కచ్చితత్వాన్ని ఫలితానికి అంటగట్టడమే. రోజుకు 86,400 సెకన్లు అన్నది నిర్వచనం కనుక ఈ లెక్కింపులో దానిని పరిగణించనవసరం లేదు.

ఈ సవరణను చివరి మెట్టులోనే చేయాలి. ఒక ఘనపుటడుగు 0.0283 ఘనపు మీటర్లు. దానిని ముందే 0.03గా సవరిస్తే ప్రవాహ రేటు 90 అవుతుంది, వేగం 2.3గా తేలుతుంది. రెండవ అంకె చెడిపోయింది. మధ్య మెట్లలో ఒకటి రెండు అంకెలు అదనంగా నిలుపుకోవడం అందుకే.

ముగింపు

మితులు సరిపోకపోతే సమాధానం నిశ్చయంగా తప్పు. సరిపోయినంత మాత్రాన ఒప్పు కాదు. అందువల్ల ముందు మితులు, తరువాత ప్రమాణాలు, చివర సార్థక అంకెలు అనే క్రమంలో చూడాలి. సార్థక అంకెలను ఎంత సరిగా రాసినా తప్పు సూత్రం ఒప్పు కాదు. అందుకే ఆ పరిశీలన ఆఖరిది.