మాల్‌కు కరెంటు ఎంత అడగాలి?

నాలుగు తెరల మల్టీప్లెక్స్, దాని పక్కనే ఫుడ్ కోర్ట్ కొత్తగా పెట్టబోతున్న ఒక షాపింగ్ మాల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దానికి 11 కేవీ హెచ్‌టీ సర్వీసు ఉంది. డిస్కంతో కుదుర్చుకున్న ఒప్పంద గరిష్ఠ డిమాండ్ 900 కేవీఏ. కరెంటు ఆఫీసుల్లో దీన్నే సీఎండీ అంటారు. కొత్త లోడు రాబోతోంది కాబట్టి దీన్ని పెంచమని ఉత్తరం రాయాలి. ఎంతకు పెంచమనాలన్నదే ఆ ఉత్తరంలో అసలు విషయం.

నెలలో ఏ అరగంటలో వాడకం అన్నిటికంటే ఎక్కువగా ఉందో మీటరు గుర్తుపెట్టుకుంటుంది. అది సీఎండీని దాటితే, దాటిన మేరకు డిమాండ్ చార్జీ కనీసం రెట్టింపు పడుతుంది. ఆ భయంతో చాలామంది అవసరానికి మించి అడుగుతారు. దానికీ మూల్యం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టారిఫ్‌ల ప్రకారం వాడకం ఎంత తగ్గినా సీఎండీలో 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టాల్సిందే.

లెక్కను గత పన్నెండు నెలల బిల్లులతో మొదలుపెట్టాలి. మన మాల్‌లో అత్యధికంగా నమోదైంది మే నెలలో, 860 కేవీఏ. ఇక కొత్త యంత్రాల నేమ్ ప్లేట్ల మీది కిలోవాట్లు కూడితే 540 వచ్చాయి. స్టాండ్‌బై చిల్లర్‌ను, ఫైర్ పంపులను ఇందులో కలపకూడదు. మామూలు రోజుల్లో అవి నడవవు.

ఈ 540 కూడా ఒకేసారి పూర్తిగా నడవదు. ఏసీలకు 240 కిలోవాట్లలో 80 శాతం, వంటగదులకు 150లో 60 శాతం, ప్రొజెక్టర్లు, సౌండుకు 60లో 80 శాతం, లైట్లకు 40లో 90 శాతం, లిఫ్టు, ఎస్కలేటర్లకు 50లో సగం వేస్తే మొత్తం 391 కిలోవాట్లు తేలుతుంది.

ఇంజనీరు నేర్పు కనిపించేది ఆ తర్వాతి మెట్టులో. దుకాణాల రద్దీ, సినిమా రద్దీ ఒకే నిమిషంలో శిఖరానికి చేరవు. అందుకని 391ని 1.15తో భాగించి 340గా తీసుకున్నాం. ఈ 1.15 ఊహగా మిగలకూడదు. మీటరులో అరగంట అరగంటకూ నమోదైన లోడ్ సర్వే వివరాలు తీయించి, 860 ఏ రోజు, ఏ వేళ వచ్చిందో చూడాలి. అది ఆదివారం సాయంత్రమైతే సినిమా రద్దీ కూడా అప్పుడే ఉంటుంది. అప్పుడు ఇంత తగ్గింపు చెల్లదు, 1.05కు మించకపోవడం మేలు. పనిదినం మధ్యాహ్నమైతే 1.15 నిలుస్తుంది. మన ఉదాహరణలో అలాగే ఉందనుకుందాం.

డిస్కం కొలిచేది కేవీఏలో కాబట్టి 340ని పవర్ ఫ్యాక్టర్ 0.95తో భాగిస్తే 358 వస్తుంది. పాత 860 కలిపితే 1218. అయిదు శాతం వెసులుబాటు వేసుకుంటే దాదాపు 1280 కేవీఏ.

నేమ్ ప్లేట్లనే నమ్ముకుని 540 కిలోవాట్లను కేవీఏగా మార్చి 900కు కలిపి ఉంటే దాదాపు 1470 అడిగేవారు. చలికాలంలో మాల్ 900 మాత్రమే వాడిందనుకుందాం. 1280కి 80 శాతం 1024, 1470కి 1176. తేడా 152 కేవీఏ. కేవీఏకు 475 రూపాయల చొప్పున చూస్తే నెలకు 72,200 రూపాయలు వాడని కరెంటుకు కట్టినట్టే.

సర్కిల్ సూపరింటెండింగ్ ఇంజనీరుకు రాసే ఉత్తరం క్లుప్తంగా ఉండాలి:

> విషయం: మా హెచ్‌టీ సర్వీసు సీఎండీని 900 నుంచి 1280 కేవీఏకు పెంచవలసిందిగా వినతి.
>
> అయ్యా, మా మాల్‌లో మల్టీప్లెక్స్, ఫుడ్ కోర్ట్ అదనంగా ఏర్పాటవుతున్నాయి. గత ఏడాది నమోదైన గరిష్ఠ డిమాండ్ 860 కేవీఏ. కొత్త లోడు 540 కిలోవాట్లు, దాని వల్ల అదనపు డిమాండ్ 358 కేవీఏ అని అంచనా. లెక్కల పట్టిక, పన్నెండు నెలల బిల్లులు, లోడ్ సర్వే, సింగిల్ లైన్ డయాగ్రామ్ జతపరిచాం. సరఫరా 11 కేవీలోనే కొనసాగించి, సాధ్యాసాధ్యాలు పరిశీలించి అంచనా పంపగలరు.

11 కేవీ మాట రాయడానికి కారణం ఉంది. మామూలు ఫీడరు మీద సాధారణంగా 1500 కేవీఏ వరకే 11 కేవీ ఇస్తారు. అది దాటితే 33 కేవీకి మారాలి, సబ్‌స్టేషన్ ఖర్చంతా మారిపోతుంది.

చాలా ఉత్తరాల్లో మీటరింగ్ సంగతి ఉండదు. 1280 కేవీఏకు 11 కేవీ వైపు దాదాపు 67 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఉన్న సీటీ 50/5 రకమైతే చాలదు, మార్చాలి. సీటీ మారితే బిల్లులోని గుణకమూ మారుతుంది. మొదటి బిల్లులో దాన్ని తప్పక సరిచూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ కొత్తది పెడితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కావాలి. డెవలప్‌మెంట్ చార్జీలు, అదనపు సెక్యూరిటీ డిపాజిట్ కట్టి, సవరించిన ఒప్పందం మీద సంతకాలయ్యాకే కొత్త సీఎండీ అమల్లోకి వస్తుంది.

అందుకే మల్టీప్లెక్స్ ప్రారంభ తేదీ ఖరారయ్యేదాకా ఆగకండి. యంత్రాలకు ఆర్డరు ఇచ్చిన రోజే ఈ ఉత్తరం కూడా పంపండి.