రేడియేటర్ కింద వేడి, పైన చల్లనా? లోపల గాలి చేరినట్టే!

యూకేలో చలికాలం మొదలై హీటింగ్ వేయగానే చాలా ఇళ్లలో కనిపించే సమస్య ఇది. కింది గదులు వెచ్చగానే ఉంటాయి, పై అంతస్తులో పిల్లల పడకగది మాత్రం చల్లగా ఉంటుంది. థర్మోస్టాట్ రెండు డిగ్రీలు పెంచితే గ్యాస్ బిల్లు పెరుగుతుంది కానీ ఆ గదిలో పెద్ద తేడా ఉండదు. ముందు ఆ రేడియేటర్‌ను జాగ్రత్తగా చేత్తో తాకి చూడండి. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందన్నమాట.

గాలి ఎక్కడిది?

కుళాయి నీటిలో కొంత గాలి కరిగి ఉంటుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో గాలి ఇమడదు, బుడగలుగా బయటికొస్తుంది. పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగున మరగకముందే కనిపించే చిన్న బుడగలు అవే. హీటింగ్ పైపుల్లో ఆ బుడగలు ఎత్తైన చోటికి చేరతాయి కాబట్టి తరచుగా పై అంతస్తు రేడియేటర్లే దెబ్బతింటాయి.

గాలి నీటిని ఎలా ఆపుతుంది?

ఇక్కడి రేడియేటర్లకు సాధారణంగా రెండు పైపులూ అడుగునే ఉంటాయి. పైన గాలి నిలిస్తే వేడి నీరు అడుగు నుంచే వచ్చి అడుగు నుంచే వెళ్లిపోతుంది. పైభాగం రేకుకు నీరు తగలదు, అందుకే అది చల్లగా ఉంటుంది.

గాలి పైపులోనే ఇరుక్కుంటే రేడియేటర్ మొత్తం చల్లబడుతుంది. బావి గిలక మీది తాడుకు రెండు కొసలా నిండు చేదలు ఉన్నాయనుకోండి. ఒక దాని బరువును రెండోది మోస్తుంది కాబట్టి కొద్దిగా లాగినా తాడు కదులుతుంది. ఒక చేద ఖాళీ అయితే అవతలి బరువంతా మనమే లాగాలి. పైపుల్లోనూ అంతే. పైకెక్కే నీటి బరువును కిందికి దిగే నీరు సరిచేస్తుంది. దిగే వైపు అర మీటరు మేర గాలి నిలిస్తే, పంపు అర మీటరు నీటిని అదనంగా ఎత్తాలి. మిగతా రేడియేటర్ల గుండా తేలికైన దారి ఉండగా నీరు ఇటెందుకు వస్తుంది?

బ్లీడింగ్ పని చేసేది ఇక్కడే. బాయిలర్ గేజ్ 1.3 బార్ చూపిస్తోందంటే నీరు సుమారు 13 మీటర్ల ఎత్తు లేవగలిగేంత ఒత్తిడి లోపల ఉంది. మూడు మీటర్లు పైనున్న గదిలోనూ ఇంకా ఒక బార్ మిగులుతుంది. పైనున్న చిన్న స్క్రూ తెరిస్తే ఆ ఒత్తిడే గాలిని బయటికి నెడుతుంది. దీనికి పంపు అక్కర్లేదు.

ఎలా చేయాలి?

హీటింగ్ ఆపి, రేడియేటర్లు చల్లారేదాకా ఆగండి. వేడిగా ఉంటే నీరు చేతిని కాలుస్తుంది. రేడియేటర్ వాల్వులు తెరిచే ఉంచండి. బ్లీడ్ స్క్రూ కింద కప్పు, గుడ్డ పట్టుకుని, కీతో ఎడమవైపుకు పావు తిప్పు మాత్రమే తిప్పండి. పూర్తిగా ఊడదీయకండి. ముందు బుస్సుమని గాలి, తర్వాత చిమ్ముతూ నీరు వస్తుంది. ధార నిలకడగా రాగానే మూసేయండి. ఆ నీరు నల్లగా ఉండొచ్చు, కార్పెట్ మీద పడితే మరక పోదు.

గాలి పోయిన మేరకు ఒత్తిడి తగ్గుతుంది. మా ఇంట్లో పైనున్న రెండు రేడియేటర్లు బ్లీడ్ చేశాక గేజ్ 1.4 నుంచి 0.9కి పడింది. బాయిలర్ మాన్యువల్లో చెప్పినట్టు ఫిల్లింగ్ లూప్ నెమ్మదిగా తెరిచి, 1.3కి రాగానే గట్టిగా మూశాం. చల్లగా ఉన్నప్పుడు చాలా బాయిలర్లకు 1 నుంచి 1.5 బార్ సరిపోతుంది. లూప్ మూయడం మరిస్తే ఒత్తిడి పెరిగి, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ నీటిని బయటికి వదిలేస్తుంది. అటకపై చిన్న ట్యాంకు ఉన్న పాత పద్ధతి హీటింగ్ అయితే నీరు దానంతటదే నిండుతుంది.

గాలి కాకపోతే?

పైన వేడిగా, అడుగున మధ్యలో చల్లగా ఉంటే అది గాలి కాదు, తుప్పు బురద. బ్లీడ్ చేసినా ఉపయోగం ఉండదు. స్క్రూ తెరిచాక వెంటనే నీరే వచ్చి, రేడియేటర్ మొత్తం చల్లగానే ఉంటే వాల్వ్ బిగుసుకుని ఉండొచ్చు. స్క్రూ తెరిచినా గాలీ నీరూ రాకపోతే గేజ్ చూడండి, ఒత్తిడి సున్నాకు పడిపోయి ఉండొచ్చు.

రెండు మూడు వారాలకోసారి బ్లీడ్ చేయాల్సి వస్తుంటే కారణం వెతకాలి. గేజ్ కూడా పడిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. నింపిన ప్రతిసారీ కొత్త నీటితో కొత్త గాలి వస్తుంది. గేజ్ నిలకడగా ఉన్నా గాలి చేరుతుంటే, లోపల ఇనుము తుప్పు పట్టి హైడ్రోజన్ పుడుతూ ఉండొచ్చు. అది మండే వాయువు, బ్లీడ్ చేసేటప్పుడు దగ్గర్లో కొవ్వొత్తి, అగ్గిపుల్ల ఉండకూడదు. తుప్పును అదుపు చేసే ఇన్హిబిటర్ ద్రవం పోయించాలి.

రేడియేటర్ స్క్రూ మనం తిప్పుకోవచ్చు. బాయిలర్ మూత తీయాల్సిన పనైతే గ్యాస్ సేఫ్ రిజిస్టర్డ్ ఇంజినీర్‌నే పిలవాలి. అద్దె ఇంట్లో ఉంటే గేజ్ ఫొటో తీసి ఏజెంటుకు పంపండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో మామూలు అద్దె ఒప్పందాల్లో హీటింగ్ మరమ్మతు ఇంటి యజమాని బాధ్యతే.