వీడియోలోని మాట వెతుకులాటకు దొరకాలంటే: తెలుగు, ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఫైళ్లు

యూట్యూబ్‌లోగాని గూగుల్‌లోగాని ఎవరైనా ఒక మాట కొట్టి వెతికితే, వెతికే యంత్రం అప్పటికప్పుడు వీడియోలన్నీ చూడదు. ముందే తయారుచేసి పెట్టుకున్న పద సూచికలో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో చూసి ఫలితాలు ఇస్తుంది. ఆ సూచికకు కావలసింది అక్షరాలు. శీర్షిక, వీడియో కింద రాసే వివరణ అక్షరాలే గనుక సులువుగా సూచికలోకి ఎక్కుతాయి. పది నిమిషాల వీడియోలో మాట్లాడిన వెయ్యికి పైగా మాటలు మాత్రం శబ్దంగానే ఉండిపోతాయి. సబ్‌టైటిల్ ఫైలు ఆ మాటలను సమయంతో సహా అక్షరాల్లో పెడుతుంది.

తేడా ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. 2021–22 పంటకాలంలో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటలను నల్ల తామర పురుగు దెబ్బతీసింది. దాని శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ఆ పురుగు గురించి తెలుగులో పది నిమిషాలు వివరించారనీ, ఆ వీడియోకు ‘మిరప రైతులకు ముఖ్య సూచనలు’ అని శీర్షిక పెట్టారనీ అనుకుందాం. రైతు మాత్రం ‘సూచనలు’ అని వెతకడు. తోటలో తాను చూసినదాన్ని బట్టి ఒకరు ‘మిరపలో నల్ల తామర పురుగు’ అని కొడతారు, ఇంకొకరు ‘మిరప ఆకు పైముడత’ అని, వేరొకరు ‘మిరప పూత రాలడం’ అని కొడతారు. కర్ణాటకలో పనిచేసే పరిశోధకుడైతే అదే సంగతిని ఇంగ్లీషులో పురుగు శాస్త్రీయ నామంతో వెతుకుతాడు. ఇన్ని పేర్లు ఒక శీర్షికలో పట్టవు, వివరణలో కుక్కితే చదవబుద్ధి కాదు. శాస్త్రవేత్త మాటల్లో మాత్రం ఇవన్నీ సహజంగానే దొర్లుతాయి. అందుకే ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసిన తెలుగు ఫైలు, వాటి అర్థం చెప్పే ఇంగ్లీషు ఫైలు రెండూ అవసరం.

సబ్‌టైటిల్ ఫైళ్లలో ఎక్కువగా వాడేది ఎస్ఆర్‌టీ రకం. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అది మామూలు పాఠమే. ప్రతి ముక్కకూ ఒక వరుస సంఖ్య, మొదలు–ముగింపు సమయం, ఒకటి రెండు పంక్తుల మాట, తర్వాత ఒక ఖాళీ పంక్తి ఉంటాయి.

```
58
00:04:12,300 --> 00:04:15,800
మిరప పూతలో కనిపించే ఈ పురుగునే

59
00:04:16,000 --> 00:04:19,400
నల్ల తామర పురుగు అంటున్నాం.
```

సమయంలో సెకన్ల తర్వాత కామా ఉంటుంది, దాని వెనక మూడంకెలు సెకనులో వెయ్యో వంతులు. బాణం గుర్తుకు రెండు వైపులా ఖాళీ ఉండాలి. ముక్కల మధ్య ఖాళీ పంక్తి తప్పిపోతే రెండు ముక్కలు కలిసిపోయి, అంకెలు తెర మీద మాటల్లా కనిపిస్తాయి. చేత్తో ఇదంతా రాయడం విసుగు పని కాబట్టి సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడతారు. ఏది వాడినా చివరికి తయారయ్యే ఫైలు ఇదే.

తెలుగు ఫైళ్లు ఎక్కువగా చెడేది అక్షరాల దగ్గర. డీటీపీ సెంటర్లలో చాలా ఏళ్లుగా అను ఫాంట్లలో టైపు చేయడం అలవాటు. ఆ పాఠం అను ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కని తెలుగులా కనిపిస్తుంది కానీ, లోపల దాచి ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు. వేరే అక్షరాల సంకేతాలకు ఫాంటు తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. అలాంటి పాఠాన్ని సబ్‌టైటిల్‌గా ఎక్కిస్తే తెర మీద అర్థం లేని లాటిన్ అక్షరాలు, గుర్తులు వస్తాయి, సూచికలోకి వెళ్లేదీ ఆ గజిబిజే. ‘తామర పురుగు’ అని వెతికినవారికి అది ఏనాటికీ తగలదు. ఉన్న పాఠం ఏ రకమో తేల్చుకోవడం తేలిక. ఒక వాక్యం కాపీ చేసి బ్రౌజరు అడ్రసు పెట్టెలో అతికించాలి. తెలుగుగానే కనిపిస్తే యూనికోడ్. వింత గుర్తులుగా మారితే దాన్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, మార్చాక ఒత్తులు, సున్నలు ఒకసారి కంటితో సరిచూసుకోవాలి.

యూనికోడ్‌లో టైపు చేసినా ఫైలు దాచేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. నోట్‌ప్యాడ్‌లో దాచే కిటికీ అడుగున Encoding అనే చోట ANSI ఉంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, మళ్లీ తెరిచినా తిరిగి రావు. అక్కడ UTF-8 ఎంచుకోవాలి.

వర్ణక్రమం కూడా వెతుకులాటకు సంబంధించినదే. ఫిప్రోనిల్ అనే మందు పేరును తెలుగులో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఒకే ఫైలులో ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటే సూచికకు అవి వేర్వేరు మాటలుగా తోచవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టేటప్పుడే మందుల పేర్లు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఎలా రాయాలో ఒక చిన్న పట్టీ వేసుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి. ఇలాంటి పేర్ల విషయంలో ఇంగ్లీషు ఫైలు పెద్ద ఆసరా, ఎందుకంటే మందు పేరుకూ శాస్త్రీయ నామానికీ ఇంగ్లీషులో స్థిరమైన వర్ణక్రమం ఉంది. యంత్రం తనంతట తాను విని రాసే సబ్‌టైటిళ్ల మీద ఆధారపడకూడదనడానికీ ఈ పేర్లే కారణం. యంత్రం ఎక్కువగా తప్పు వినేది సరిగ్గా వెతికేవారికి కావలసిన ఆ మాటలనే.

తెలుగు ఫైలు పూర్తయ్యాక ఇంగ్లీషు ఫైలును మళ్లీ మొదటినుంచీ కొలవనక్కరలేదు. తెలుగు ఫైలుకు ఒక నకలు తీసి, సమయాలు అలాగే ఉంచి, మాటలు మాత్రం మార్చుకుంటే చాలు. కానీ ముక్కకు ముక్క అనువదిస్తూ పోతే వాక్యం విరుగుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో ముందుకు వస్తుంది. పై ఉదాహరణలో పురుగు పేరు రెండో ముక్కలో ఉంది, ఇంగ్లీషు వాక్యంలో అది మొదటి ముక్కలోకే రావాలి. అందుకని ముక్కలను కాకుండా వాక్యాన్ని మొత్తంగా చదివి, ఇంగ్లీషు వాక్యం రాసి, దాన్ని ఆ రెండు సమయాల్లోకి పంచాలి.

```
58
00:04:12,300 --> 00:04:15,800
We call this insect black thrips,

59
00:04:16,000 --> 00:04:19,400
the one you see in chilli flowers.
```

వక్త శాస్త్రీయ నామం పలికినచోట ఇంగ్లీషులో Thrips parvispinus అని పూర్తిగా రాయాలి. పలకనిచోట వెతుకులాట కోసమని చొప్పించకూడదు. అది వీడియో వివరణలో ఉండవలసిన సంగతి. సబ్‌టైటిల్ మొదట చెవి వినిపించనివారిదీ, భాష రానివారిదీ. వినిపించే మాట ఒకటి, కనిపించే మాట ఒకటి అయితే వారికి చేసేది అన్యాయం.

యూట్యూబ్‌లో ఎక్కించే పద్ధతి చిన్నదే. యూట్యూబ్ స్టూడియోలో సబ్‌టైటిళ్ల విభాగం తెరిచి, వీడియో ఎంచుకుని, భాషగా తెలుగు చేర్చాలి. ఫైలు ఎక్కించేటప్పుడు With timing, Without timing అని రెండు దారులు కనిపిస్తాయి. ఎస్ఆర్‌టీ ఫైలుకు మొదటిదే ఎంచుకోవాలి. రెండోది సమయాలు లేని ఉత్త పాఠానికి. అక్కడ యంత్రం మాట విని సమయాన్ని తానే జతచేస్తుంది గనుక వీడియోలో పలికిన భాషకే అది పనికొస్తుంది. తెలుగు వీడియోకు ఇంగ్లీషు అనువాదాన్ని ఆ దారిలో పెడితే పొసగదు. ప్రచురించాక ఇంగ్లీషును కూడా భాషగా చేర్చి రెండో ఫైలు ఎక్కించాలి. అక్కడే శీర్షిక, వివరణల ఇంగ్లీషు అనువాదం రాసే చోటు కూడా ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు, ఎందుకంటే ఇంగ్లీషులో వెతికేవారికి ఫలితాల్లో ముందు కనిపించేది ఆ అనువదించిన శీర్షికే. ఇంకో సంగతి: తెలుగువారిలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో mirapa nalla tamara purugu అని వెతుకుతారు. దానికోసం ఆ లిపిలో మూడో ఫైలు చేయడం కన్నా, వివరణలో ఒక వాక్యం అలా రాయడం సరిపోతుంది.

సబ్‌టైటిల్‌కు యూట్యూబ్ వెతుకులాటలో ఎంత బరువు ఇస్తారో ఆ సంస్థ బయటపెట్టదు. శీర్షిక సాదాగా ఉండి, చూసినవారు అర నిమిషానికే వెళ్లిపోతుంటే ఫైలు ఒక్కటే వీడియోను పైకి లేపదు. వీడియోలోపలి వెతుకులాటకు మాత్రం అది కచ్చితంగా పనిచేస్తుంది. వివరణ కింద Show transcript నొక్కితే మాటలన్నీ సమయాలతో వరుసగా కనిపిస్తాయి, కావలసిన మాట మీద నొక్కితే వీడియో నేరుగా నాలుగో నిమిషానికి వెళుతుంది.

అదే వీడియోను సొంత వెబ్‌సైట్ పేజీలో పొదిగితే సబ్‌టైటిల్ దానంతట అదే ఆ పేజీ పాఠం అయిపోదు. సమయాలు తీసేసి మాటలను పేరాలుగా పేజీలోనే పెట్టాలి. వీడియో ఫైలు కూడా సొంత సైట్‌లోనే ఉంటే ఎస్ఆర్‌టీకి బదులు వెబ్‌వీటీటీ రకం కావాలి. దాని మొదటి పంక్తిలో WEBVTT అని ఉంటుంది, సమయంలో కామాకు బదులు చుక్క వస్తుంది. ఏ ఫైలు ఏ భాషదో ఇలా చెప్పాలి:

```
<track kind="subtitles" src="mirapa.te.vtt" srclang="te" label="తెలుగు">
<track kind="subtitles" src="mirapa.en.vtt" srclang="en" label="English">
```

వికీమీడియా కామన్స్‌లో ఈ పని ఇంకా పారదర్శకంగా ఉంటుంది. అక్కడ ప్రతి సబ్‌టైటిల్ ఫైలూ TimedText అనే పేరుతో మొదలై .te.srt లేదా .en.srt తో ముగిసే విడి పేజీ. ఎవరైనా తెరిచి చదవవచ్చు, అచ్చుతప్పు దిద్దవచ్చు, వెతికేటప్పుడు TimedText పేజీలను ఎంచుకుని వాటిలోనే గాలించవచ్చు.

ఎక్కించిన ఫైలు పనిచేస్తోందా అని చూడటానికి శీర్షికలోగాని వివరణలోగాని లేని, వీడియోలో మాత్రమే పలికిన ఒక అరుదైన పదబంధాన్ని ఎంచుకోవాలి. ఈ మిరప వీడియోలో ‘నీలి రంగు జిగురు అట్టలు’ అలాంటిది. కొన్ని రోజులు ఆగి, ఖాతాలోంచి బయటికి వచ్చి, దాన్ని చానల్ పేరుతో కలిపి వెతకాలి. లేకపోతే పాత చూపుల చరిత్రే ఫలితాన్ని పైకి తెస్తుంది. తర్వాత blue sticky traps అని ఇంగ్లీషులోనూ అలాగే చేయాలి. ఒక భాషలో దొరికి ఇంకో భాషలో దొరకకపోతే మొదట చూడవలసింది భాషల పేర్లు. రెండు ఫైళ్లూ తారుమారై, ఇంగ్లీషు పాఠం తెలుగు పేరు కింద కూర్చుని ఉండవచ్చు. వాటిని తొలగించి సరైన భాష కింద మళ్లీ ఎక్కిస్తే చాలు, వీడియో లింకు మారదు.