ఒక్క ప్రశ్న, రెండు జవాబులు, ఐదు మార్కులు

2024 నీట్ ఫిజిక్స్‌లో పరమాణువు మీద ఓ ప్రశ్న వచ్చింది. రెండు వాక్యాలిచ్చి ఏది సరైనదో, ఏది కాదో చెప్పమన్నారు. పరమాణువులో ధనావేశం, రుణావేశం సమానం కాబట్టి అది విద్యుత్పరంగా తటస్థం అన్నది మొదటి వాక్యం. దీని మీద పేచీ లేదు. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయని, తమకే ప్రత్యేకమైన వర్ణపటాన్ని వెలువరిస్తాయని రెండోది చెప్పింది. యురేనియం లాంటి రేడియోధార్మిక మూలకాల సంగతి తెలిసిన పిల్లలు అది తప్పన్నారు. ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకం చదివినవాళ్లు ఒప్పన్నారు. ఎందుకంటే ఆ పుస్తకంలో అలాగే ఉంది. కొత్త ముద్రణలో ఆ మాటను ‘చాలా మూలకాల’ పరమాణువులు అని సరిదిద్దారు.

ఆ ఏడాది మే 5న పరీక్ష జరిగింది. 29న నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ప్రాథమిక కీ విడుదల చేసింది. ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్లు సరైనదనుకున్న జవాబులే అందులో ఉంటాయి. పొరపాటు ఉంటే చూపించమని అభ్యర్థులకు కొద్ది రోజుల గడువిస్తారు. తన లాగిన్‌తో లోపలికి వెళ్లి, ప్రశ్నను ఎంచుకుని, తన ప్రకారం ఏ ఆప్షన్ సరైనదో గుర్తు పెట్టాలి. ఆధారంగా పుస్తకం పేజీనో, లెక్క చేసిన కాగితాన్నో పీడీఎఫ్‌గా జతచేసి, ప్రశ్నకు రూ.200 చొప్పున ఆన్‌లైన్‌లో కట్టాలి. డబ్బు జమ కాకపోతే అభ్యంతరం నమోదు కానట్టే.

జేఈఈ మెయిన్‌లాంటి కంప్యూటర్ పరీక్షల్లో ఇక్కడే చాలామంది తడబడతారు. అక్కడ కీలో ఒకటో ఆప్షన్, రెండో ఆప్షన్ అని ఉండదు. ప్రతి ప్రశ్నకూ, ప్రతి ఆప్షన్‌కూ పొడవాటి ఐడీ నంబరు ఉంటుంది. రెస్పాన్స్ షీట్‌లోని ఆ నంబరును కీలోని నంబరుతో అంకె అంకె చూసుకోవాలి. వరుసను బట్టి ‘నేను పెట్టింది మూడోది కదా’ అనుకుంటే, సరైన జవాబు మీదే అభ్యంతరం పెట్టి రూ.200 పోగొట్టుకోవచ్చు.

ఆ పరమాణువు ప్రశ్న మీద 13,373 అభ్యంతరాలు వచ్చాయి. అయితే ఎంతమంది అడిగారన్నదాన్ని బట్టి కీ మారదు. సబ్జెక్టు నిపుణులు ఆధారాలు చూసి తేలుస్తారు. ఒక్కరే అడిగినా అది నిజమైతే, మారిన కీ అందరి జవాబులకూ వర్తిస్తుంది. ఒకటికి మించి సరైన జవాబులున్నాయని తేలితే వాటిలో ఏది పెట్టినా పూర్తి మార్కులిస్తారు. ప్రశ్నే తప్పని తేలితే దాన్ని తొలగించి నాలుగు మార్కులూ కలుపుతారు. అభ్యంతరం పెట్టిన పిల్లవాడికి మాత్రం ఒప్పుకున్నామనో, కాదన్నామనో విడిగా జవాబు రాదు. తుది కీ చూసి తెలుసుకోవాల్సిందే.

ఈ ప్రశ్నకు నిపుణులు పాత పుస్తకాన్నీ లెక్కలోకి తీసుకుని, తుది కీలో రెండు జవాబులనూ సరైనవిగా ఉంచారు. జూన్ 4న ఫలితాలొచ్చాయి. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తాజా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్నే అనుసరించాలన్న సూచన ఉండగా పాతదాని ప్రకారం మార్కులెలా ఇచ్చారన్నది వాదన. న్యాయస్థానాలు మామూలుగా కీ జోలికి వెళ్లవు. తప్పు స్పష్టంగా, తర్కవితర్కాలు అవసరం లేకుండా కనిపిస్తే తప్ప కీ సరైనదేనని భావించాలని 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఈసారి కూడా కోర్టు తానే జవాబు చెప్పలేదు. ముగ్గురు నిపుణులతో కమిటీ వేయమని ఐఐటీ ఢిల్లీని కోరింది. సరైన జవాబు ఒక్కటే, రెండో వాక్యం తప్పు అని ఆ కమిటీ తేల్చింది.

దాంతో పాత పుస్తకాన్ని నమ్మిన నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు తలా ఐదు మార్కులు తగ్గాయి. వచ్చిన నాలుగూ పోయాయి, తప్పు జవాబుకు ఒకటి కోత పడింది. 720కి 720 వచ్చినవాళ్లు అప్పటికి 61 మంది ఉంటే, వాళ్లలో 44 మందికి ఆ పూర్తి మార్కులు ఈ ప్రశ్న వల్లే వచ్చాయి. సవరించిన ఫలితాల్లో 17 మందే మిగిలారు.

రుసుము లేకపోతే ఊరికే పెట్టే అభ్యంతరాలు వెల్లువెత్తుతాయన్నది నిజమే. కానీ తప్పు పరీక్ష పెట్టినవాళ్లదని తేలాక కూడా రూ.200 తిరిగివ్వకపోవడం న్యాయం కాదు. రైల్వే నియామక బోర్డులు ప్రశ్నకు రూ.50 తీసుకుని, అభ్యంతరం నిజమైతే బ్యాంకు ఛార్జీలు మినహాయించుకుని తిరిగి ఇస్తున్నాయి. పిల్లలకు కలిగిన నష్టాన్ని పిల్లలే డబ్బు కట్టి ఎత్తిచూపాల్సిన చోట, టెస్టింగ్ ఏజెన్సీ కూడా కనీసం ఆ పద్ధతినైనా పాటించాలి.